ధాత కరువు ఫొటో: కింద ‘కర్నూలు, 1877’ అని రాయవచ్చా?

శారద_నంద్యాల

అందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతాను. పిల్లలతో జిల్లా చరిత్ర మీద ఒక ప్రదర్శన చేయిస్తున్నాను. అందులో ఒక బోర్డు ధాత నామ సంవత్సరంలో, అంటే 1876లో మొదలైన ధాత కరువు గురించి. దానికి మీరందరూ ఎక్కడో ఒకచోట చూసే ఉండే ఫొటో తీసుకున్నాం. బక్కచిక్కిన మనుషుల గుంపు, కొందరు నేల మీద కూర్చుని, కొందరు వెనక నిలబడి ఉంటారు. పక్కటెముకలు లెక్కపెట్టేట్టు కనిపిస్తాయి. చాలామంది నేరుగా కెమెరా వైపే చూస్తుంటారు.

ఇబ్బంది ఏమిటంటే, నెట్‌లో ఇదే ఫొటో కింద ఒకచోట ‘మద్రాసు కరువు, 1877’ అనీ, ఇంకోచోట ‘బెంగాల్ కరువు, 1943’ అనీ ఉంది. మా హెడ్మాస్టర్ గారేమో ‘కర్నూలు జిల్లా, 1877 అని రాయండమ్మా, కరువు మన దగ్గరే కదా వచ్చింది’ అంటున్నారు. పిల్లలకు తప్పు చెప్పడం నాకు ఇష్టం లేదు. ఏమని రాయాలి? ఎలా తేల్చుకోవాలి?

రవి_ప్రొద్దుటూరు

మేడం, అది బెంగాల్ కాదు, ఖాయం. హూపర్ అనే ఇంగ్లీషు సైనికాధికారి మద్రాసు కరువులో తీసిన ఫొటోల్లోది. కానీ నన్నడిగితే బోర్డు మీద పెట్టొద్దు. అవన్నీ సెటప్ ఫొటోలు. మనుషుల్ని పిలిపించి, వరసలు కట్టించి తీశాడు. కూర్చోబెట్టి తీసిన ఫొటో సాక్ష్యం ఎలా అవుతుంది? నాటకం ఫొటోకీ దీనికీ తేడా ఏముంది?

కేపీ_డాలస్

పాత ఫొటోల గురించి అడుగుతున్నారు కాబట్టి నా సంగతి కూడా. మా ముత్తాత గారి ఫొటో ఒకటి ఉంది, గుంటూరులో స్టూడియోలో తీయించుకున్నది. వెనక నీలం బాల్‌పెన్నుతో ‘1922’ అని రాసి ఉంది. మచ్చలు పడ్డాయి. స్కాన్ చేసి శుభ్రం చేయించాలంటే ఎవరికివ్వాలి? శారద గారి ఫొటో కూడా అలా బాగు చేయిస్తే ప్రదర్శనకు స్పష్టంగా ఉంటుంది కదా.

పాతప్లేట్లు

శారద గారూ, చెన్నైలో చాలాకాలం పాత ఫొటోలు భద్రపరిచే పని చేశాను. ముందు తేదీ సంగతి చూద్దాం, ఎందుకంటే అది తేలితే సెటప్ సంగతి కూడా సగం తేలుతుంది.

1870ల్లో బయటికెళ్లి ఫొటో తీయాలంటే మామూలుగా తడి ప్లేటు పద్ధతే. గాజు పలక మీద కొలోడియన్ పోసి, వెండి లవణంలో ముంచి, అది ఆరకముందే కెమెరాలో పెట్టి తీసి, వెంటనే కడగాలి. మన ఎండలో ఆ వ్యవధి కొద్ది నిమిషాలే. అంటే కెమెరా పక్కనే చీకటి గుడారం, మందుల సీసాలు, నీళ్లు, సాయం చేసే మనుషులు ఉండాలి. పెద్ద పెట్టె కెమెరా ముక్కాలిపీట మీద నిలిపి, వెలుతురును బట్టి కొన్ని సెకన్లపాటు మూత తీసి ఉంచాలి. అంతసేపూ ఎదుట ఉన్నవాళ్లు కదలకూడదు. దారిన పోతూ చటుక్కున తీసే ఫొటో ఆ సాధనంతో సాధ్యం కాదు.

1943కి వచ్చేసరికి చేతిలో పట్టుకునే ఫిల్ము కెమెరాలున్నాయి. బెంగాల్ కరువు ఫొటోల్లో కలకత్తా ఫుట్‌పాత్‌లు, గంజి కేంద్రాల దగ్గర గుంపులు, కెమెరాను పట్టించుకోకుండా పడి ఉన్న మనుషులు కనిపిస్తారు. సునీల్ జానా పల్లెల్లో తిరిగి తీసినవీ, 1943 ఆగస్టు 22న స్టేట్స్‌మన్ పత్రిక అచ్చువేసినవీ వెతికి మీ ఫొటో పక్కన పెట్టి చూడండి. మీ ఫొటోలో గుంపు అంతా ఒకే దూరంలో, ఒకే వెలుతురులో, అంచు నుంచి అంచు దాకా సర్ది ఉంది. ఇది తడి ప్లేటు కాలపు కూర్పు.

ఒక హెచ్చరిక. గోధుమ రంగు చూసి పాతదని తేల్చకండి. ఫోన్లో ఎవరైనా ఆ రంగు వేయగలరు. అసలు ప్రింటు చేతిలో ఉంటే గుడ్డు తెల్లసొన పూసిన పలుచటి కాగితం, దాన్ని అంటించిన మందపాటి అట్ట కనిపిస్తాయి. వాట్సాప్ కాపీలో అవేవీ ఉండవు. మీరు వాడాల్సింది ఏదైనా గ్రంథాలయమో మ్యూజియమో పూర్తి అట్టతో సహా స్కాన్ చేసి పెట్టిన ప్రతి.

కేపీ గారూ, బాల్‌పెన్నులు అమ్మకానికి వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం చివర్లో. కాబట్టి మీ ఫొటో వెనక రాత 1922లో రాసింది కాదు, ఎవరో తరవాత గుర్తుచేసుకుని రాశారు. సంవత్సరం నిజమే కావచ్చు, కానీ ఆ రాత వేరే సాక్ష్యం, దాని వయసు వేరు. శుభ్రం చేయించే ముందు వెనక వైపు కూడా స్కాన్ చేయించండి. శారద గారి ఫొటోను మాత్రం ‘బాగు’ చేయించకండి. మచ్చలూ అంచులూ కూడా సమాచారమే.

కేపీ_డాలస్

పెన్ను సంగతి తట్టనే లేదు! అది మా పెద్దనాన్న చేతిరాత అయ్యుంటుంది. అడుగుతాను.

రవి_ప్రొద్దుటూరు

అన్నా, మీరు చెప్పింది నా మాటకే బలం కదా. కదలకుండా కూర్చోబెట్టారు అంటే సెటప్పే. అదీకాక ఇంకో కథ విన్నాను, ఆ మనుషుల్ని తన కాంపౌండుకు పిలిపించుకుని, ఫొటో తీసుకుని, తిండి పెట్టకుండా పంపేశాడట. అలాంటి మనిషి తీసిన ఫొటోను ఎట్లా నమ్మేది?

పాతప్లేట్లు

రవీ, ‘సెటప్’ అనే ఒక్క మాటలో రెండు సంగతులు కలిసిపోతున్నాయి.

ఫొటోగ్రాఫర్ చేసింది ఏమిటి? ఎవర్ని ఎంచుకోవాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి, గుడ్డ ఎంతవరకు జారితే పక్కటెముకలు కనిపిస్తాయి, ఎవరు ఎదురుగా తిరగాలి, ఎవరు పక్కకు తిరగాలి, ఇవన్నీ. వీటిని బట్టి ‘కరువు వీధి ఇలా ఉండేది’ అని చెప్పలేం. వరసలో ఉన్నవాళ్లు ఒకే కుటుంబం అని కూడా చెప్పలేం. నెట్‌లో చాలాచోట్ల కుటుంబం అని రాస్తుంటారు, ఆధారం లేకుండా.

అతను చేయనిది ఏమిటి? ఆ ఎముకల మీద కండ లేకుండా చేసింది అతను కాదు. మోకాళ్లు తొడలకంటే లావుగా కనిపించడం, చేతులు పుల్లల్లా ఉండటం, పెద్దవాళ్ల ముఖాల్లో చెంపలు లోపలికి పోవడం నటించడం కుదరదు. ఎన్ని నెలలు తిండి లేకపోతే శరీరం అలా అవుతుందో డాక్టరు ఎవరైనా చెప్పగలరు. అంటే ఈ ఫొటో ఆ శరీరాలకు గట్టి సాక్ష్యం, ఆ అమరిక మాత్రం హూపర్ ఆలోచనకు సాక్ష్యం. ఒకే ఫొటోను రెండు ప్రశ్నలకు రెండు రకాలుగా వాడుకోవాలి.

ఇంకో చిన్న సంగతి. కొలోడియన్ నీలి వెలుతురును బాగా పట్టుకుంటుంది, ఎరుపు, పసుపు, గోధుమ రంగుల్ని చాలా తక్కువగా. అందుకని మన ఒంటి రంగు ఆ ఫొటోల్లో ఉన్నదానికంటే నల్లగా పడుతుంది. మిట్టగా ఉన్న ఎముక మీద మెరుపు, గుంటలో నీడ, ఈ రెంటి మధ్య తేడా కంటితో చూసినదానికంటే గట్టిగా కనిపిస్తుంది. అది ఎవరూ కావాలని చేసిన మోసం కాదు. అయినా మన మనసు మీద దాని ప్రభావం ఉంటుంది.

కాంపౌండు కథ నేనూ విన్నాను. ఫొటో మాత్రం ఆ సంగతి చెప్పదు. మూత మూసిన తరవాత ఏం జరిగిందో ప్లేటు మీద ఉండదు కదా. అతని అలవాటు తెలుసుకోవడానికి వేరే దారులున్నాయి. అంతకుముందు అతను ‘పీపుల్ ఆఫ్ ఇండియా’ అనే ప్రభుత్వ సంపుటాలకు మన జనాన్ని కులాల వారీగా, తెగల వారీగా వరసల్లో నిలబెట్టి ఫొటోలు తీసి ఇచ్చాడు. కరువు ఫొటోల్లో కూర్పు దాదాపు అదే. మనుషులు నమూనాల్లా ఉంటారు, పేర్లుండవు. తరవాత 1886లో మాండలేలో ఖైదీలను కాల్చే క్షణాన్ని ప్లేటు మీద పట్టుకోవడానికి ప్రయత్నించాడని గొడవై, విచారణ జరిగింది, అతన్ని మందలించారు. ఇవి కాగితాల్లో ఉన్న సంగతులు. కాంపౌండు కథను వీటి పక్కన పెట్టి ఆలోచించవచ్చు. రుజువైందని రాయకండి.

బళ్ళారి_రామన్న

అమ్మా శారదా, హెడ్మాస్టర్ గారి మాటలో కూడా న్యాయముంది. ధాత, ఈశ్వర, ఆ రెండేండ్లూ మన సీమను ఊడ్చేసినాయి. మా జేజి వాళ్ల జేజి చెప్పిన కథలు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. బొమ్మజెముడు పండ్లు తిన్నారంట, చీమల పుట్టలు తవ్వి అవి దాచుకున్న గింజలు ఏరుకున్నారంట. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు, అన్నీ దెబ్బతిన్నాయి. అనంతపురం అప్పటికింకా బళ్ళారి జిల్లాలోనే, 1882లో విడిపోయింది. మరి ఆ ఫొటోలో ఉన్నోళ్లు మనోళ్లు కాకుండా ఎవరు?

శారద_నంద్యాల

రామన్న గారూ, చీమల పుట్టల సంగతి మా అత్తగారి ఊళ్లో కూడా విన్నాను. బోర్డు మీద పెట్టమంటారా? మీ ఇంట్లో చెప్పుకునే మాటగానే రాస్తాను.

పాతప్లేట్లు గారూ, మరి ఊరి సంగతి? వాళ్ల బట్టలను బట్టి, కట్టును బట్టి చెప్పలేమా?

పాతప్లేట్లు

రామన్న గారి బాధ నాకు అర్థమవుతుంది. కానీ ‘కర్నూలు’ అని రాయలేం. ఆ ఫొటోల మీద ‘మద్రాసు కరువు’ అని ఉంటుంది. అప్పట్లో మద్రాసు అంటే పట్నమూ కావచ్చు, మొత్తం మద్రాసు రాజధాని, అంటే ప్రెసిడెన్సీ అంతా కావచ్చు. పల్లెలు విడిచి నడుచుకుంటూ పట్నం చేరిన జనం చాలామంది. వాళ్లలో నెల్లూరు వాళ్లుండవచ్చు, సేలం వాళ్లుండవచ్చు. గోచీ, ముక్క గుడ్డ తప్ప ఒంటి మీద ఏమీ మిగలని మనిషి ఏ ఊరివాడో కట్టు చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. నగలు అమ్ముడుపోయాయి, బట్టలు చిరిగిపోయాయి, ఊరిని చెప్పే గుర్తులన్నీ ముందే పోయాయి. వెనక చెట్టూ గోడా ఉన్నా అవి ఎక్కడివైనా కావచ్చు.

తేదీ కూడా అంతే. 1876 చివరి నుంచి 1878 దాకా ఏ నెలైనా కావచ్చు. ‘1877’ అని ఖరాఖండిగా రాయడం కంటే ‘1876-78’ అని రాస్తే ఎవరూ కాదనలేరు.

నసీమా_మెహదీపట్నం

నేను ఆర్కైవ్స్‌ల పని చేస్త. ఒక మాట చెప్తా, ఏమనుకోకుండ్రి. ఫొటోల ఎవరున్నరు అని అందరం అడుగుతున్నం. ఎవరు లేరు అని గూడ అడగాలె.

నిజాం సంస్థానంల ఔరంగాబాద్ వైపు 1899-1900 కరువప్పుడు రాజా దీన్‌దయాళ్ స్టూడియో ఫొటోలు తీసింది. అవి దర్బారుకు కావల్సిన ఫొటోలు. అందుకే ప్రభుత్వం చేసిన సాయం కనబడాలె. పని జాగలు, తిండి పంచే జాగలు, అన్నీ ఒక పద్ధతిల ఉన్నట్టు ఉంటయి. హూపర్ ఫొటోలల్ల గట్ల కాదు, ఒట్టి మనుషులే. ఒకదాంట్ల సర్కారు కనబడుతది, ఆకలి వెనకకు పోతది. ఇంకోదాంట్ల ఆకలి కనబడుతది, సర్కారు మాయమైతది. రెండూ కరువు ఫొటోలే. పిల్లలకు రెండూ పక్కపక్కన పెడితే వాళ్లే అడుగుతరు.

పాతప్లేట్లు

నసీమా గారు అన్నది ఈ చర్చలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది. దాని మీద కొంచెం రాస్తాను.

హూపర్ ఫొటోల్లో ఒకదాని శీర్షిక తెలుగులో చెప్పాలంటే ‘ఉచిత సహాయానికి అర్హులైనవారు’ అని. ఇది ఆయన సొంత జాలి మాట కాదు, అప్పటి ప్రభుత్వ కాగితాల భాష. సహాయం రెండు రకాలుగా ఉండేది. ఒంట్లో కాస్త శక్తి ఉన్నవాళ్లు కరువు పనికి పోయి మట్టి తవ్వితేనే కూలి. పనికి పూర్తిగా చేతకానివాళ్లకు మాత్రమే ఉచితంగా తిండి. ఎవరు ఏ వరసలోకి వస్తారో అధికారి చూసి తేల్చాలి. ఫొటోలో ఆ శరీరాలను మన ముందు నిలబెట్టిన తీరు కూడా అలాంటి తనిఖీ లాంటిదే. మనం నిలబడి చూస్తున్నది ఆ అధికారి నిలబడిన చోటు నుంచే. ఈ సంగతి పిల్లలకు చెబితే వాళ్లు ఫొటోను వేరేగా చూస్తారు.

ఇక ఫ్రేము బయట ఉన్నది. 1877 మొదట్లో వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో దర్బారు చేశాడు. విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా ప్రకటించిన ఆ వేడుక జనవరి 1న. అదే నెలలో కరువు ఖర్చు తగ్గించడానికి పంపిన రిచర్డ్ టెంపుల్ మద్రాసులో కూలి కోశాడు. రోజంతా తవ్విన మగవాడికి ఒక పౌండు ధాన్యం, ఒక అణా. పౌండు అంటే 450 గ్రాములు. ఆడవాళ్లకు, పిల్లలకు ఇంకా తక్కువ. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఇది చాలదని పోట్లాడాడు. ఒకటిన్నర పౌండ్లు కావాలి, పప్పూ కూరగాయలూ కూడా కావాలి అన్నాడు. మార్చిలో మద్రాసు ప్రభుత్వం కొంత పెంచింది, అయినా ఆయన అడిగినంత కాదు.

ఫొటోలో ఆ ఒక పౌండు లేదు. ఆ ఉత్తర్వు లేదు, దాని మీద సంతకం చేసినవాడు లేడు, ధర ఇంకా పెరుగుతుందని ధాన్యం దాచిన వర్తకుడు లేడు. ఫొటో ఒక్కదాన్నే చూస్తే వాన కురవలేదు, జనం ఎండిపోయారు అనిపిస్తుంది. అందుకే బోర్డు మీద ఫొటో పక్కనే 450 గ్రాముల జొన్నలు ఒక గిన్నెలో పెట్టండి. ఎండలో మట్టి మోసిన మనిషికి రోజంతటికీ ఇదీ, పైన ఒక అణా అని రాయండి.

ఇంకొకటి, చచ్చిపోయినవాళ్లు ఫొటోలో లేరు. అక్కడున్నవాళ్లు కెమెరా ముందు దాకా నడిచి రాగలిగినవాళ్లు, లేదా మోసుకు రాబడినవాళ్లు. కర్నూలు జిల్లా జనాభా 1871, 1881 లెక్కల మధ్య సుమారు నాలుగో వంతు తగ్గింది. హెడ్మాస్టర్ గారు కోరిన కర్నూలు బోర్డు మీదికి ఇలా వస్తుంది, జనాభా లెక్కల ద్వారా. ఫొటో కింద కల్పించి రాయాల్సిన పని లేదు.

రవి_ప్రొద్దుటూరు

లెక్కలు పెట్టండి, గిన్నె పెట్టండి, బాగుంది. కానీ ఫొటో విషయంలో నా మాట మారదు. సెటప్ గురించి ఇప్పుడు నేననేది వేరు. ఆ మనుషుల్ని ఎవరూ అడిగి తీయలేదు. బట్టలు సరిగా లేని ఆడవాళ్లను అప్పుడు ఒకడు నిలబెట్టి చూశాడు, ఇప్పుడు మనం ఎనిమిదో తరగతి పిల్లలకు చూపిస్తున్నాం. మీరే అన్నారు, అధికారి నిలబడిన చోటే మనం నిలబడతాం అని. మరి ఎందుకు నిలబడాలి?

బళ్ళారి_రామన్న

చూపించకపోతే అసలు జరగనే లేదంటారు నాయనా. మా జేజి కథ చెబితే ‘కట్టుకథ’ అన్నోళ్లున్నారు. ఫొటో చూపినాక నోరు మూసినారు.

నసీమా_మెహదీపట్నం

రవి అన్నది గూడ ఆలోచించే మాటే. మా దగ్గర ఇట్లాంటివి బయట పెట్టేటప్పుడు చిన్న సైజుల పెడ్తం. గోడంత పెద్దగ చేస్తే చూసేటోల్లకు అది తమాషా అయితది. ముఖాలు మాత్రం దాచం. ముఖం దాస్తే వాళ్లు మల్ల నమూనాలే అయితరు.

శారద_నంద్యాల

అందరి మాటలూ చదివి ఇలా రాసుకున్నాను. చూసి చెప్పండి.

‘మద్రాసు రాజధానిలో కరువు బాధితులు, 1876-78. సైనికాధికారి విలోబీ వాలెస్ హూపర్ తీసినదిగా చెబుతారు. ఎక్కడ తీశారో, వీరు ఎవరో రాసి లేదు. వీరిని కెమెరా ముందు ఇలా కూర్చోబెట్టి తీశారు. కొన్నిచోట్ల దీన్ని 1943 బెంగాల్ కరువు ఫొటోగా వాడుతున్నారు, అది సరికాదు.’

ఫొటో పోస్టుకార్డు సైజులో పెడతాను. పక్కన జొన్నల గిన్నె, కూలి వివరం, జనాభా లెక్క, రామన్న గారి ఇంటి మాట. రవి గారి ప్రశ్న కూడా ఒక కాగితం మీద రాసి అతికిస్తాను, పిల్లలు కింద ఏమనుకుంటున్నారో రాయవచ్చు. హెడ్మాస్టర్ గారు ‘కర్నూలు’ పేరు శీర్షికలో ఉండాలని పట్టుబడుతున్నారు, బోర్డు శీర్షిక ‘కర్నూలు జిల్లాలో ధాత కరువు’ అని పెట్టి, ఫొటో కింద మాత్రం ఇదే ఉంచుతానని చెప్పాను. ఇంకా ఒప్పుకోలేదు.

పాతప్లేట్లు

‘తీసినదిగా చెబుతారు’ అని రాయడం మంచి పని. హూపర్ పేరుతో తిరిగేవన్నీ ఆయనవేనా అన్నది ప్రతి ప్రింటుకూ విడిగా చూడాల్సిందే. ‘రాసి లేదు’ అన్నచోట మాత్రం ఆగండి. మీ దగ్గరున్నది అంచులు కోసిన కాపీ. అట్ట మీద కింద ఏదో రాసి ఉండవచ్చు. పూర్తి అట్ట ఉన్న ప్రతి దొరికేదాకా ‘మేం చూసిన ప్రతిలో రాసి లేదు’ అని మార్చండి.

ఇంకో సంగతి. ఈ ఫొటోల ఆధారంగా చెక్కిన బొమ్మలు కూడా తిరుగుతున్నాయి. అప్పటికి పత్రికల్లో ఫొటోను ఉన్నదున్నట్టు అచ్చువేయడం కుదరదు, చెక్క మీద చెక్కి వేసేవారు. చెక్కేవాడు వెనక చెట్టో, గుడిసో చేర్చవచ్చు, మనుషుల్ని దగ్గరికి జరపవచ్చు. పిల్లలు వెతికేటప్పుడు ఆ బొమ్మను ఫొటో అనుకోకుండా చూడండి. గీతలు పెద్దవి చేసి చూస్తే తెలిసిపోతుంది.

శారద_నంద్యాల

మారుస్తాను. పూర్తి అట్టతో స్కాన్ చేసిన ప్రతి మీలో ఎవరైనా చూశారా? లింకు ఉంటే పెట్టండి, ప్రింటుకు ఇవ్వడానికి ఇంకా సమయం ఉంది.

కేపీ_డాలస్

ఇక్కడ మా యూనివర్సిటీ లైబ్రరీలో పాత మద్రాసు ఆల్బమ్‌లు కొన్ని ఉన్నాయని విన్నాను. శనివారం వెళ్లి అడుగుతాను. దొరికితే వెనక వైపు కూడా ఫొటో తీసి పెడతాను.